ధర పెంచడం మాకు ఇష్టం లేదు…

హేమావతి చీర చూపించేటప్పుడు కొంగు ముందు చూపించదు. మొదట అంచు. తర్వాత ఒళ్లు, అంటే చీర నడిమి భాగం. చూసేవాళ్ల కన్ను రంగుకు అలవాటు పడినాక, చివర్లో, ఒక్క విదిలింపుతో కొంగు. ధర్మవరంలో చీర చూపించడం తెలిసినవాళ్లంతా ఇట్లే చూపిస్తారు. అసలు సంగతి చివర్లో ఉంటుంది. అంతదాకా ఓపిక పట్టడం చూసేవాళ్ల వంతు.

మాట కూడా ఆమె అట్లే చెబుతుంది.

ఆమె భర్త గంగాధర గుంత మగ్గం మీద నేస్తాడు. పెళ్లయిన కొత్తలో అతను ఉమాశంకర్ షాపుకు మజూరీకి నేసేవాడు. దారం షాపువాళ్లది, డిజైను వాళ్లది, కూలి మాత్రం ఇతనిది. చీర మడత పడి గడప దాటిందంటే దాన్ని ఎవరు నేశారో అడిగే దిక్కుండదు. కరోనా సంవత్సరం షాపులు మూసినప్పుడు, మగ్గం మీద సగంలో ఉన్న చీరను పూర్తి చేసి ఎవరికివ్వాలో తెలియలేదు. అప్పుడు హేమావతి దాన్ని మిద్దె మీద ఆరేసి ఫోటో తీసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టింది. కింద రెండు ముక్కలు రాసింది. “ఇది మా ఆయన నేసినాడు. వానకు గుంతలోకి నీళ్లొచ్చినాయి. అంచులో ఒక చోట దారం సాగింది, దగ్గరగా చూస్తే తెలుస్తాది. అందుకని ధర తగ్గించినాము.” ధర కూడా రాసింది.

హిందూపురంలో లక్ష్మీప్రియ అనే టీచరు ఆ చీర కొన్నది. సాగిన దారం కోసం దీపం వెలుతురులో వెతికానని, కనపడలేదని, కనపడి ఉంటే బాగుండేదని రాసింది. ఆ మాటకు హేమావతి చాలా రోజులు నవ్వుకుంది. లక్ష్మీప్రియ వల్ల ఆమె స్కూల్లో మిగతా టీచర్లు, వాళ్ల వల్ల పెనుకొండలో, కదిరిలో, బెంగళూరులో మరికొందరు. పేజీకి “హేమక్క మగ్గం” అని పేరు పెట్టుకుంది. మిగతా పేజీలన్నీ ధర అడిగితేనే చెబుతాయి. ఈమె బొమ్మ కిందనే రాస్తుంది. “రేటు రాసే అక్క” అంటే హేమావతే. గంగాధర మళ్లీ మజూరీకి పోలేదు. ఆ ఇంటికి ఉన్న ఆస్తి ఆ మగ్గం కాదు. చూడకుండా డబ్బు పంపే కొందరు ఆడవాళ్ల నమ్మకం.

ఈ ఏడాది ఉగాది దాటినాక పట్టు దారం రేటు పెరిగింది. జరీ కూడా పెరిగింది. హేమావతి ఓర్చుకుంది. శ్రావణంలో మళ్లీ పెరిగింది. ఇక ఓర్చుకుంటే గంగాధర చేసే పనికి కూలి కూడా గిట్టదు.

“దారమోడు మనల్ని అడిగి పెంచినాడా?” అన్నాడు గంగాధర, గుంతలో కాళ్లు పెట్టుకునే. “నువ్వెందుకు ఊరికంతా దండోరా వేస్తావు? కొత్త చీరకు కొత్త రేటు రాసెయ్. అడిగినోళ్లకు అడిగినప్పుడు చెప్పు.”

“పోయిన నెల ఇదే చీర పదివేలని రాసినాను. ఇప్పుడు పదకొండున్నర అని రాస్తే? పోయిన నెల కొన్న ఆమె, ఈ నెల కొన్న ఆమె ఒకే ఆఫీసులో ఉంటారు. మాట్లాడుకోరా?”

“అట్లయితే ‘ధర పెరిగింది’ అని రాయి.”

“పెరిగింది దారం. చీర రేటు మనం పెంచినాము.”

“ఏముందే తేడా?”

“పెరిగింది అంటే గడ్డి పెరిగినట్టు, మనకేం సంబంధం లేనట్టు. పెంచినాము అనాల.”

గంగాధర మగ్గం మీద చెయ్యి ఆపి ఆమెను చూశాడు. “పంతులమ్మలతో తిరిగి తిరిగి నువ్వు కూడా పంతులమ్మ అయినావు.”

వాకిట్లో దారం కండెలు చుడుతున్న అత్త సుబ్బలక్ష్మమ్మ అంతా విన్నది. ఆమెకు ఫోను సంగతులు తెలియవు. మనుషుల సంగతి తెలుసు. “ఏ మాటైనా రాసుకో. గడప మీద నిలబెట్టి మాత్రం చెడ్డ మాట చెప్పగాకు. లోపలికి పిలువు. కూసోబెట్టు. మంచినీళ్లియ్యి. ఆ తర్వాత చెప్పు. మా అమ్మ చచ్చిపోయిందని చెప్పను వచ్చినోడు ముందు మజ్జిగ తాగిపిచ్చినాడు నాకు.”

ఆ మాట హేమావతికి నచ్చింది. ఆదివారం పొద్దున పని ముగించుకుని, కాగితం మీద రాసి, కొట్టేసి, మళ్లీ రాసి, చివరికి ఫోనులో ఎక్కించింది.

“మా చీరలు కట్టుకున్న అక్కలకు, చెల్లెళ్లకు నమస్కారం. ఇన్నేళ్లు మీరే మా బలం. ఈ పండగకు కూడా చీరల ధర పెంచడం మాకు ఇష్టం లేదు, కానీ దారం, జరీ రెండుసార్లు పెరిగినాయి. ఉగాది నుంచి మేమే భరించినాము. ఇంక భరించలేక వచ్చే శుక్రవారం నుంచి పదివేల చీర పదకొండున్నర వేలకు ఇవ్వాలని నిర్ణయించినాము. శుక్రవారం లోపల చెప్పినవాళ్లందరికీ పాత ధరే. నేతలో, దారంలో ఏమీ తగ్గించము. ఎప్పటిలాగే ధర బొమ్మ కిందనే రాస్తాము.”

అందులో అబద్ధం లేదు. ఎందుకు పెంచారో ఉంది, ఎప్పటి నుంచో ఉంది, ఎంతో ఉంది, ఏది మారదో ఉంది. ముందుగా చెప్పడం కూడా ఉంది. పైన పండగకని నేసిన కుంకుమరంగు చీర బొమ్మ పెట్టింది. ఏదో ఒక బొమ్మ లేకపోతే పోస్టు పోదు కదా.

సాయంత్రానికి ఆర్డర్లు మొదలయ్యాయి. “థ్యాంక్స్ అక్కా.” “నీ మనసు మంచిది అక్కా.” “ఈ రోజుల్లో ఎవరున్నారు ఇట్లా.” హేమావతికి కళ్లు చెమ్మగిల్లాయి. ధర పెంచుతామని చెబితే కూడా మనసు మంచిదంటున్నారు. శుక్రవారం లోపల తీసుకోవాలని తొందరపడుతున్నారు, ముందుగా చెప్పినందుకు సంతోషిస్తున్నారు అనుకుంది. అత్తకు చదివి వినిపించింది.

“చూసినావా,” అన్నది సుబ్బలక్ష్మమ్మ. “నీళ్లిచ్చి చెబితే ఎవరైనా వింటారు.”

శుక్రవారం వచ్చింది, పోయింది. శనివారం లక్ష్మీప్రియ నుంచి మెసేజ్. వాళ్ల స్కూలు టీచరమ్మ కూతురి పెళ్లి. తనకూ ఇంకో ఇద్దరు టీచర్లకూ కలిపి మూడు చీరలు, మూడూ ఒకే మామిడిచిగురు రంగు. సగం అడ్వాన్స్ కూడా పంపేసింది. పాత ధరకు సగం.

హేమావతి మర్యాదగా రాసింది. “నిన్నటి నుంచి కొత్త ధర కదమ్మా, లెక్క చూసుకున్నావా?”

తర్వాత ఫోటో వచ్చింది. లక్ష్మీప్రియ ఫోనులో ఆ పోస్టు ఎట్లా కనపడిందో దాని ఫోటో. కుంకుమరంగు చీర. దాని కింద రాత.

“…మీరే మా బలం. ఈ పండగకు కూడా చీరల ధర పెంచడం మాకు ఇష్టం లేదు…”

ఆ తర్వాత మూడు చుక్కలు, పక్కన చిన్న అక్షరాలతో ‘మోర్’ అని.

హేమావతి ఆ మూడు చుక్కలను చూసింది. తన ఫోనులో తన రాత తనకు పూర్తిగానే తెలుసు కాబట్టి ఆమె ఎప్పుడూ వాటి వైపు చూడలేదు. ఇన్‌స్టాగ్రామ్ రెండు ముక్కలు చూపించి మిగతాది మడతలో పెట్టేస్తుంది. వేలితో నొక్కితేనే మడత విప్పుతుంది. ఇన్నేళ్లూ ఆమె రాసింది చిన్న చిన్న మాటలు. మడతలోకి పోయేంత పొడవు ఎప్పుడూ రాయలేదు. మొదటిసారి నాలుగు మాటలు ఎక్కువ రాసింది. కొంగు మడతలోనే ఉండిపోయింది. కొన్నవాళ్లు అంచు చూసి కొన్నారు.

లక్ష్మీప్రియ ఇంకో ముక్క రాసింది. “అక్కా, అందరూ పెంచినా హేమక్క పెంచలేదని మా స్టాఫ్ గ్రూపులో నేనే పెట్టినాను.”

పక్కింటి మంజులకు ఈ పేజీల సంగతి కొంచెం తెలుసు. ఆమె గాజుల దుకాణానికి కూడా ఒక పేజీ ఉంది. పోస్టు చూసి నుదురు కొట్టుకుంది.

“ఏమక్కా ఇది? పెంచేది మొదటి ముక్కలోనే చెప్పాల. లేదంటే బొమ్మ మీదనే పెద్దక్షరాలతో రాయాల. నమస్కారాలు, బలాలు అంతా కింద పెట్టుకో, ఎవరికి కావాల అవి?”

“గడప మీద నిలబెట్టి చెప్పకూడదంట,” అన్నది హేమావతి మెల్లగా.

“ఫోనులో అందరూ గడప మీదనే నిలబడుకుంటారక్కా. లోపలికొచ్చేది ఎవరు?”

హేమావతి వెంటనే క్యాప్షన్ మార్చింది. “శుక్రవారం నుంచి చీరల ధర పెంచినాము” అని మొదట పెట్టింది. మిగతాది కింద. ఇప్పుడు సరిగ్గా ఉంది. అయితే మార్చిన రాత పక్కన మార్చినట్టు ఒక చిన్న మాట వచ్చి కూర్చుంది: ఎడిటెడ్. మధ్యాహ్నానికి ఎవరో రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టారు. ముందు ఇష్టం లేదన్నది, తర్వాత పెంచినామన్నది. “ఆర్డర్లు వచ్చేదాకా ఒక మాట, వచ్చినాక ఒక మాట.” దాని కింద ఇంకొకామె: “అక్క చీరలే కాదు, మాటలు కూడా బాగా నేస్తాది.” ఆ మాటకు చాలామంది నవ్వు బొమ్మలు పెట్టారు. పెట్టినవాళ్లలో హేమావతి చీర కట్టుకుని ఫోటో దిగి పంపినవాళ్లు కూడా ఉన్నారు.

“తీసెయ్ అవన్నీ,” అన్నాడు గంగాధర.

“తీస్తే దాచినట్టు ఉంటాది.”

“ఉంచితే?”

ఆమె ఒక్కొక్కరికీ కింద రాసింది, తప్పు నాదే, రాత సగమే కనపడింది, పూర్తిగా చదవండి అని. పూర్తిగా చదవమనడం వాళ్లకు ఇంకో రకంగా వినపడింది. “అంటే మాకు చదవడం రాదంటావా?” అని ఒకామె అడిగింది. ఆమె పెనుకొండలో ఆఫీసు ఉద్యోగి. తొలినాటి కొనుగోలుదారు.

చివరికి హేమావతి ఇంకో పోస్టు పెట్టింది. ఈసారి బొమ్మ మీదనే. “మొదటి రాత చూసి చీర కావాలని చెప్పినవాళ్లందరికీ, శుక్రవారం తర్వాత చెప్పినా సరే, పాత ధరే.” నమస్కారం లేదు. బలం లేదు.

ఆ మాట ఆమె గంగాధరకు ముందుగా చెప్పలేదు. అతను మగ్గం గుంతలోంచి లేచి వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. కోపం వస్తే అతను అరవడు. “కొత్త రేటు దారం తెచ్చి, పాత రేటుకు చీర ఇస్తావు. బాగుండాది. మజూరీకి నేస్తే కనీసం దారం వాళ్లది.”

“మాట పోతే మళ్లీ రాదు.”

“పోయింది కదే ఇప్పుడు. ఇంక దేన్ని కాపాడతాండావు?”

అయినా నేశాడు. మామిడిచిగురు రంగు దారం అద్దించి, వార్పు, అంటే నిలువు దారాల పడుగు, మగ్గానికెక్కించి, ఒకే వార్పు మీద మూడు చీరలూ నేశాడు. పెళ్లికి టీచర్లంతా ఒకే రంగు కట్టుకుంటామన్నారు కాబట్టి. ఆ రంగు ఈ ఏడాది ఇంకెవరూ అడగడం లేదు. పాత ధరకే ఇస్తానని హేమావతి రాసినప్పుడు లక్ష్మీప్రియ “సరే అక్కా” అన్నది. తర్వాత ఏం రాసినా జవాబు లేదు. మెసేజ్ చూసినట్టు గుర్తు మాత్రం కనపడుతుంది.

చీరలు మగ్గం దిగినాక హేమావతి కొరియర్‌కు ఇవ్వలేదు. సంచిలో పెట్టుకుని బస్సెక్కింది. పెనుకొండలో బస్సు మారాలి. కొండ మీద కోట గోడ, కింద చెరుకురసం బండి. బస్సు కోసం నిలబడినంతసేపు ఆమె చెప్పాల్సిన మాటను తిప్పి తిప్పి చూసుకుంది. మొదటే చెప్పాలి. నమస్కారం తర్వాత. తప్పు నాదే అని ముందు, ఎట్లా జరిగిందో వెనక. లక్ష్మీప్రియ ఎదురుగా ఉంటుంది. మొహానికి మూడు చుక్కలు ఉండవు. చివరిదాకా వింటుంది.

హిందూపురంలో లక్ష్మీప్రియ ఇల్లు చేరేసరికి ఆమె స్కూలు నుంచి అప్పుడే వచ్చింది. తలుపు తీసి మొహం నిండా నవ్వు తెచ్చుకుంది.

“రా అక్కా. యాడి నుంచి ఇట్లా ఎండలో? కూర్చో. ఫ్యాన్ కింద కూర్చో.”

లోపలికి పోయి స్టీలు గ్లాసుతో మంచినీళ్లు తెచ్చింది. “తాగు అక్కా ముందు.”

హేమావతి గ్లాసు అందుకుంది. కూర్చోబెట్టడం అయింది. నీళ్లివ్వడం అయింది. ఏదో చెడ్డ మాట వస్తోంది. ఆమె నీళ్లు మెల్లగా తాగింది. తాగినంతసేపు ఆ మాట రాదు కాబట్టి.

“అక్కా, ఏమీ అనుకోవద్దు,” అన్నది లక్ష్మీప్రియ. “నీ మీద నాకేం లేదు. ఆ టీచర్లిద్దరూ పోయిన ఆదివారం ధర్మవరం వచ్చినారు. ఉమాశంకర్ షాపులో తీసుకున్నారు. నాకు కూడా చెప్పలేదు. తీసుకున్నాక చెప్పినారు.”

“ఎంతకు?”

“పన్నెండున్నర.”

“నేను పదివేలకే ఇస్తానని చెప్పినాను కదమ్మా.”

“చెప్పినావు. నేను కూడా చెప్పినాను. వాళ్లు ఏమంటారంటే… ఆడ ముందు పదమూడు అన్నారంట. బేరం చేస్తే ఐదు నూర్లు తగ్గించినారంట. టీ ఇచ్చినారంట. ‘మీ హేమక్క దుడ్లు పెంచి తగ్గించి ఆడుకుంటాది, షాపోడు పెద్దమనిషి’ అన్నారు. నన్ను అంటే పడతాను. నా మాట నమ్మి డబ్బు పంపినారు. గ్రూపులో పెట్టింది నేను. ఇప్పుడు నేనేం చెప్పినా ‘పూర్తిగా చదివినావా టీచరమ్మా’ అని నవ్వుతారు. పిల్లలకు చదువు చెప్పేదాన్ని.”

తప్పు నాదే అని చెప్పాలని హేమావతి పెనుకొండ నుంచి అనుకుంటూ వచ్చింది. అడగనివాళ్ల ముందు తప్పు ఎట్లా ఒప్పుకోవాలి?

“వాళ్ల అడ్వాన్స్ వెనక్కి ఇచ్చేస్తే చాలంట. తొందరేం లేదు,” అన్నది లక్ష్మీప్రియ. “నా చీర నేను తీసుకుంటాను.”

ఆమె సంచిలోంచి ఒక చీర తీసుకుంది. విప్పలేదు. అంచు చూడలేదు, కొంగు చూడలేదు. మడత మీద చెయ్యి పెట్టి “బాగుండాది అక్కా” అన్నది. సాగిన దారం కోసం దీపం వెలుతురులో వెతికిన మనిషి. మిగతా డబ్బు ఇచ్చింది. కొత్త ధర లెక్కన ఇచ్చింది. హేమావతి వద్దన్నా చేతిలో పెట్టి గుప్పిట మూసింది. “ఉంచుకో. మీకూ కష్టమే కదా.”

అది జాలి. హేమావతి అంతకుముందు ఎప్పుడూ చీరకు జాలి తీసుకోలేదు. సంచి తేలికయింది. ఆమె లేచింది.

ఇంటికి వచ్చి సంచి వాకిట్లో పెట్టింది. సుబ్బలక్ష్మమ్మ సంచిలో రెండు చీరలు చూసింది. “అందరినీ కూసోబెట్టి చెప్పినావా?” అన్నది.

“వాళ్లే నన్ను కూసోబెట్టినారు అత్తా.”

ముసలామె కండె చుట్టడం ఆపలేదు.

మామిడిచిగురు చీరలు రెండూ పేజీలో పెట్టింది. ధర మొదటి ముక్కలో రాసింది. కారణం రాసింది. చూసినవాళ్లు చూసి పోయారు. కొత్త ధరకు కొందరు కొన్నారు. లేదని కాదు. బెంగళూరు నుంచి ఒకామె అదేమీ పట్టించుకోకుండా ఎప్పటిలాగే రెండు తీసుకుంది, ముదురు రంగులు. కానీ చూడకుండా డబ్బు పంపేవాళ్లు పోయారు. ఇప్పుడు అందరూ అడుగుతారు: ఇదే ఫైనల్ రేటా? మళ్లీ మారుస్తావా? పూర్తి రాత పంపు. ఒక్కో చీరకు ఒక పూట మాటలు. దీపావళికి గంగాధర మగ్గం మీద వార్పు లేదు.

ఉమాశంకర్ స్వయంగా వచ్చాడు. వీధిలో మోటారుసైకిలు ఆపి, లోపలికి రాకుండా గడప మీదనే నిలబడ్డాడు.

“ఏమప్పా గంగాధరా, ఖాళీగా ఉండాదంట మగ్గం? దారం పంపిస్తాను. పాత లెక్కనే మజూరీ.”

గంగాధర తల ఊపాడు. ఉమాశంకర్ హేమావతి వైపు తిరిగాడు.

“నీ రాతలు నేను చదువుతాంటాను హేమమ్మా. వాన, గుంతలో నీళ్లు, భలే రాస్తావు. మా పేజీకి రాయగూడదా? నెలకింతని ఇస్తాను. మా పిల్లోడు రాసేది పప్పులో ఉప్పు లేనట్టు ఉంటాది. ఒకటి మాత్రం చెబుతాను. ధర రాయగాకు. దారం పెరిగింది, మేము పెంచినాము, ఆ పురాణం వద్దు. రాస్తేనే కదా పెంచినట్టు తెలిసేది. రాయనోడి మీద ఎవరికి కోపం వస్తాది?”

అతను గడప మీద నిలబడి చెప్పిన మాటలన్నీ మొదటి నుంచి చివరిదాకా అర్థమయ్యాయి. ఏదీ మడతలో లేదు.

మగ్గం మీద షాపు దారం ఎక్కింది. మొదటి చీర దిగింది. కాఫీపొడి రంగు ఒళ్లు, పచ్చ కొంగు. అంచులో ఒక చోట దారం కొంచెం సాగింది. గంగాధర చూశాడు, హేమావతి చూసింది. ఫోటో తీసి షాపు పేజీలో పెట్టి, కింద రాసింది.

“ధర్మవరం పట్టు. కొత్త రంగు. ధర కోసం మెసేజ్ చేయండి.”

చిన్న రాత. పూర్తిగా కనపడింది. మూడు చుక్కలు రాలేదు.